గోలీల మీద నింద, సూది మీద లెక్క

సంపాదకులకు నమస్కారం.

దేవరకొండ వైపు పల్లెల్లో ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ ఏదైనా ఉంటే ఇంటికే వస్తారు. మొన్న మార్చిలో ఒక అత్త కోడలిని వెంటబెట్టుకొని వచ్చింది. పెద్దపిల్ల బడికి పోతోంది, రెండో కాన్పు కోసం చూస్తున్నారు, నెలసరి కూడా సరిగా రావడం లేదు. "నాలుగేండ్లు గర్భం రాకుండా గోలీలు మింగింది అమ్మా, గర్భసంచి ఎండిపోయింది" అని అత్త తీర్పు కూడా చెప్పేసింది. కోడలు తల వంచుకొని కూర్చుంది. అప్పటికే ఒక ప్రైవేటు దవాఖానలో స్కానింగులకూ రక్తపరీక్షలకూ పద్దెనిమిది వేలు పోశారట.

కాగితాలు చూపించమన్నాను. రేషన్ కార్డు కవర్లోంచి అంతర కార్డు, అంటే గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే సూది కార్డు బయటపడింది. మాలా-ఎన్ గోలీలు నాలుగేళ్లు వాడి ఆపేశాక, అంతకుముందు ఏడాది మే నెలలో ఒక సూది, ఆగస్టు 10న ఇంకో సూది వేయించుకుంది. అత్తకు ఆ సంగతే తెలియదు. స్కానింగ్ చేసిన చోట కూడా సూది గురించి ఎవరూ అడగలేదట.

ఆ అమ్మాయితో వేళ్ల మీద లెక్కపెట్టించాను. ఆగస్టు సూది నవంబర్ దాకా గర్భం రానివ్వదు. కానీ మూడు నెలలు నిండిన రోజునే అండం విడుదల మొదలవదు. ఈ మందు కండలో చిన్న చిన్న పలుకులుగా నిలిచి మెల్లగా కరుగుతుంది, పూర్తిగా పోవడానికి ఇంకొన్ని నెలలు పడుతుంది. చివరి సూది నుంచి లెక్కిస్తే మళ్లీ గర్భం నిలవడానికి సగటున 7 నుంచి 10 నెలలు. కొందరికి ఏడాది దాటుతుంది. రెండు సూదులు వేయించుకున్నా పది వేయించుకున్నా ఈ ఆలస్యం పెరగదు, చివరి సూది తేదీ ఒక్కటే ముఖ్యం. ఆమెకు మార్చికి ఆ సూది నుంచి ఏడో నెల. అంటే ఇంకా గడువే దాటలేదు. ఆ తర్వాత ఈ మేలో నెలసరి వచ్చింది, ఈ ఆగస్టులో గర్భం నిలిచింది. ఇన్నాళ్లు ఆగడానికి కారణం గోలీలు కాదు, సూది. సూది వల్ల అయింది కూడా ఆలస్యమే, నష్టం కాదు.

గోలీల సంగతి దీనికి పూర్తిగా వేరు. మాలా-ఎన్‌లోని హార్మోన్ కొన్ని రోజుల్లోనే ఒంట్లోంచి పోతుంది. అండం కొందరికి రెండు మూడు వారాలకే, చాలామందికి మూడు నెలల లోపు విడుదలవుతుంది. గర్భం కోసం గోలీలు ఆపిన ఆడవాళ్లను యూరప్‌లో గమనిస్తే నూటికి దాదాపు ఎనభై మందికి ఏడాదిలోపే నిలిచింది. ఎన్నేళ్లు వాడారన్నది అక్కడ తేడా చూపలేదు. కాపర్-టీ అయితే అండాన్ని ఆపనే ఆపదు. తీయించుకున్న నెలలోనే గర్భం రావచ్చు.

మరి "గోలీలు ఆపాక నెలసరి తప్పింది" అనే మాట ఎక్కడినుంచి వస్తుంది? చాలాసార్లు పాత సమస్య బయటపడటమే. మాలా-ఎన్ ప్యాకెట్టులో 21 హార్మోన్ గోలీలు, 7 ఐరన్ గోలీలు ఉంటాయి. ఆ ఏడు రోజుల్లో హార్మోన్ లేదు కాబట్టి నెలనెలా గడియారం పెట్టినట్టు రక్తస్రావం వస్తుంది. అది అండం విడుదలై వచ్చిన నెలసరి కాదు. పెళ్లికి ముందు రెండు నెలలకోసారి వచ్చిన అమ్మాయికి గోలీలు ఆపగానే మళ్లీ అదే మొదలవుతుంది, నింద మాత్రం గోలీ మీద. ఆపిన మూడు నెలలకీ రాకపోతే ముందు గర్భం పరీక్ష చేసుకోవాలి, ఆ తర్వాత థైరాయిడ్, పీసీఓడీ చూపించుకోవాలి. ఏడాది చూసినా నిలవకపోతే, ముప్పై అయిదు దాటినవాళ్లకు ఆరు నెలలకే, భార్యాభర్తలిద్దరికీ పరీక్షలు కావాలి. మగవాళ్లకు చేసే వీర్యపరీక్ష చవక. అయినా మా దగ్గర అది ఎప్పుడూ చివరికే వస్తుంది, ఎందుకో నాకు చెప్పనక్కర్లేదు.

ఈ అపోహకు ఇంకో ముఖం ఉంది. "మందు ఒంట్లో ఉంటది, కొన్ని నెలలు ఏం కాదు" అని గోలీలు ఆపి ధైర్యంగా ఉన్నవాళ్లను చూశాను. ఆపాక మొదటి అండం మొదటి నెలసరి కన్నా ముందే వస్తుంది. నెలసరి కోసం ఎదురుచూస్తూనే గర్భానికి మూడో నెల పడ్డాక వచ్చినవాళ్లున్నారు.

జిల్లా వైద్యాధికారులను మీ పత్రిక ద్వారా అడిగేది ఒక్కటే. పల్లె దవాఖానల్లో ఇచ్చే అంతర కార్డు మీద చివరి సూది తేదీ పక్కన తెలుగులో ఒక లైను రాయించండి: "పిల్లలు కావాలనుకుంటే ఈ తేదీ నుంచి 7 నుంచి 10 నెలలు పట్టవచ్చు." మొదటి సూది వేసే ముందే ఆ లైను చదివి వినిపించాలి, అత్త పక్కన ఉంటే ఆమెకు కూడా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
దేవరకొండ, నల్లగొండ జిల్లా