బీమా సొమ్మును పంచే హక్కు పెద్దమనుషులకు ఎవరిచ్చారు?

సంపాదకులు గారికి,

పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో వచ్చిన ఒక వార్త ఇప్పటికీ నన్ను కలవరపెడుతూనే ఉంది. దేవరకొండ వైపు ఒక గ్రామంలో పురుగుమందుల వ్యాపారి గుండెపోటుతో చనిపోతే, పెద్దకర్మ ముగియకముందే అప్పులవాళ్లు ఇంటి ముందు బైఠాయించారనీ, పెద్దమనుషులు జోక్యం చేసుకొని వచ్చే బీమా సొమ్ములో సగానికి పైగా అప్పులకు జమ చేసేలా భార్యను ఒప్పించారనీ, దాంతో వివాదం సామరస్యంగా ముగిసిందనీ మీ విలేకరి రాశారు. ఆ పాలసీ ఎవరి పేరిట ఉందో, ఏ పద్ధతిలో తీసుకున్నారో, ఆ సొమ్ము మీద అప్పులవాళ్లకు అసలు హక్కు ఉందో లేదో తెలుసుకునే ప్రయత్నం వార్తలో ఎక్కడా కనిపించలేదు. ముప్పై ఏళ్లుగా ఈ జిల్లా సివిల్ కోర్టుల్లో అప్పుల దావాలు చూస్తున్న న్యాయవాదిగా, దీన్ని సామరస్యం అనడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు.

చట్టం ఏం చెబుతుందో ముందు చూద్దాం. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టంలో ఆరవ సెక్షన్ ఉంది. పెళ్లయిన పురుషుడు తన ప్రాణం మీద పాలసీ తీసుకొని, అది తన భార్య కోసమనో, భార్యాపిల్లల కోసమనో, వారిలో ఎవరో కొందరి కోసమనో ఆ పాలసీ పత్రం మీదే రాయిస్తే, అది ఆ క్షణం నుంచే వారి కోసం ఏర్పడిన ట్రస్టు అవుతుంది. ఆ లబ్ధిదారుల్లో ఒక్కరు మిగిలి ఉన్నంత కాలం ఆ పాలసీ మీద భర్తకు అధికారం ఉండదు, అతని అప్పులవాళ్లకు హక్కు ఉండదు, అతని ఆస్తిలో అది భాగమే కాదు. మొదట్లో హిందువులకూ ముస్లింలకూ ఈ సెక్షన్ వర్తించేది కాదు. 1923 సవరణతో వారికీ వర్తింపజేశారు, 1959లో చట్టాన్ని జమ్మూకశ్మీర్ మినహా దేశంలోని మిగతా ప్రాంతాలకు విస్తరించారు. బీమా ఏజెంట్లు ఈ చట్టం ఇంగ్లిష్ పేరులోని పొడి అక్షరాలతో దీన్నే ఎండబ్ల్యూపీ పాలసీ అంటారు. అనడమే గానీ, మన మండల కేంద్రాల్లో పాలసీ రాసేటప్పుడు ఈ మాట ఎత్తే ఏజెంటు నాకు అరుదుగా తారసపడ్డాడు.

ఇక్కడ చాలామంది ఒక తప్పు అభిప్రాయంలో ఉన్నారు. భార్యను నామినీగా రాయిస్తే చాలు, సొమ్ము ఆమెకు భద్రమే అనుకుంటారు. నామినీ అంటే సొమ్ము అందుకోవడానికి అధికారం ఉన్న వ్యక్తి మాత్రమేనని, ఆ సొమ్ము వారసులందరిదీ అని 1984లో సుప్రీంకోర్టు సర్బతీ దేవి కేసులో చెప్పింది. 2015లో బీమా చట్టాన్ని సవరించి, నామినీ భార్యో, భర్తో, పిల్లలో, తల్లిదండ్రులో అయితే సొమ్ము వారికే చెందుతుందని మార్చారు. అది మంచి మార్పే, కానీ అసలు లోపం అలాగే ఉంది. బతికున్నంత కాలం భర్త నామినీ పేరు మార్చవచ్చు, పాలసీని సరెండర్ చేయవచ్చు, వేరొకరి పేరిట అసైన్ చేయవచ్చు, అంటే దాని మీది హక్కులను రాసిచ్చేయవచ్చు. పాలసీని మూడో వ్యక్తికి పూర్తిగా అసైన్ చేసిన మరుక్షణం నామినేషన్ దానంతటదే రద్దవుతుంది; 2015 సవరణ తర్వాత అప్పు కోసమని చేసిన అసైన్‌మెంట్‌తో రద్దు కాకపోయినా, ఆ అప్పు మేరకు నామినీ హక్కు తగ్గిపోతుంది. భార్యకు ఆ కబురు కూడా అందదు.

మిర్యాలగూడ పరిసరాల్లోని ఒక ఎరువుల దుకాణదారు విషయం ఇందుకు సరిపోయే ఉదాహరణ. అతనికి రెండు పాలసీలు ఉండేవి. మొదటిది 10 లక్షలది, భార్య నామినీ. రెండోది పెద్ద కూతురు పుట్టాక తీసుకున్న 15 లక్షల టర్మ్ పాలసీ, అంటే గడువులోగా చనిపోతేనే సొమ్ము వచ్చేది. దాన్ని మాత్రం బావమరిది సలహాతో ఎండబ్ల్యూపీ చట్టం కింద తీసుకొని, లబ్ధిదారులుగా భార్యాపిల్లలనూ, ట్రస్టీగా ఆ బావమరిదినీ రాయించాడు. పిల్లల పేర్లు రాయకుండా ‘నా భార్య, పిల్లలు’ అని రాయించడం వల్ల తర్వాత పుట్టిన రెండో కూతురు కూడా అందులో చేరింది. రైతులకు ఉద్దెర ఇచ్చిన ఎరువుల బాకీలు వసూలు కాక, కంపెనీ డీలరుకు కట్టాల్సిన సొమ్ము కోసం నూటికి మూడు రూపాయల మిత్తికి ఒక సావుకారు దగ్గర 6 లక్షలు తీసుకున్నప్పుడు, ఆ సావుకారు రెండు పాలసీ బాండ్లూ తెమ్మన్నాడు. మొదటి పాలసీ బాండు వెనుక అప్పు మాట లేకుండా పూర్తి అసైన్‌మెంట్ రాయించుకొని బీమా శాఖలో నమోదు చేయించుకున్నాడు. రెండో బాండును శాఖలో తిప్పి పంపారు. పాలసీ ట్రస్టు కింద ఉందనీ, భర్త ఒక్కడి సంతకంతో అసైన్ చేయడం కుదరదనీ చెప్పారు.

అతను చనిపోయాక జరిగింది మీ పాఠకులు గమనించాలి. మొదటి పాలసీ 10 లక్షలు నామినీగా ఉన్న భార్యకు కాకుండా నేరుగా సావుకారు ఖాతాకు వెళ్లాయి. ఆ రోజుకు బాకీ, మిత్తితో కలిపి, 10 లక్షల కన్నా తక్కువే. మిగిలింది తిరిగి ఇమ్మని ఆమె నోటీసు ఇచ్చి, దావా వేసి, ఏళ్ల తరబడి తిరగాల్సి వచ్చింది. రెండో పాలసీ 15 లక్షలు మాత్రం మరణ ధ్రువీకరణ పత్రం, బాండు, ట్రస్టీ సంతకంతో కూడిన క్లెయిమ్ ఫారం అందజేసిన తర్వాత ట్రస్టీ ద్వారా ఆమెకూ పిల్లలకూ చేరాయి. మిగతా అప్పులవాళ్లు ఆ సొమ్మును జప్తు చేయించాలని కోర్టుకు వెళ్లారు గానీ, బాండు మొదటి పేజీ చూపించగానే వారి వాదన నిలవలేదు.

అప్పుపడ్డ వ్యక్తి జీవిత బీమా సొమ్మును డిక్రీ అమలులో జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో 1976 సవరణతో చేర్చిన నిబంధన ఉంది కదా, ఇంక ట్రస్టు దేనికి అని నా తోటి న్యాయవాదులు కొందరు అడుగుతారు. ఆ నిబంధన కోర్టు ద్వారా జరిగే జప్తును ఆపుతుందే తప్ప, భర్త తానే స్వయంగా బాండును సావుకారు చేతిలో పెట్టడాన్ని ఆపదు. మన పల్లెల్లో పాలసీలు పోయేది జప్తులో కాదు, అసైన్‌మెంట్‌లో. ఆరవ సెక్షన్ ఆ దారినే మూసేస్తుంది.

దీనికి హద్దులు ఉన్నాయి, వాటినీ చెప్పాలి. ట్రస్టు అన్నది పాలసీ ప్రతిపాదన సమయంలోనే కోరాలి. ప్రతిపాదన పత్రంతో పాటు లబ్ధిదారుల, ట్రస్టీ వివరాలతో అనుబంధ పత్రం ఇవ్వాలి. పాలసీ వచ్చాక దాన్ని ఎండబ్ల్యూపీ కిందికి మార్చడం కుదరదు. తల్లిదండ్రులనూ, అన్నదమ్ములనూ ఇందులో లబ్ధిదారులుగా చేర్చడం కుదరదు. గడువు తీరిన పాలసీ సొమ్ము కూడా భర్తకు రాదు, లబ్ధిదారులకే చెందుతుంది. అందుకే ఈ పద్ధతికి టర్మ్ పాలసీయే బాగా నప్పుతుంది. ట్రస్టీ పేరు రాయించకపోతే సొమ్ము రాష్ట్ర అఫీషియల్ ట్రస్టీకి వెళ్లి, అక్కడి నుంచి తెచ్చుకోవాల్సి వస్తుంది, అదొక పెద్ద ప్రయాస. భార్యనే ట్రస్టీగా రాయించుకోవడానికి ఏ అడ్డూ లేదు. ఇక ప్రీమియం కట్టకపోతే పాలసీ ల్యాప్స్ అవుతుంది, దాన్ని ఏ ట్రస్టూ కాపాడలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన హద్దు అప్పులవాళ్లను మోసగించాలనే ఉద్దేశంతో తీసుకున్న పాలసీ గురించి. అలాంటి పాలసీ సొమ్ములో నుంచి తమ బాకీ రాబట్టుకునే హక్కు అప్పులవాళ్లకు ఉంటుందని ఆ సెక్షనే చెబుతోంది. కట్టలేనంత అప్పుల్లో మునిగాక, చేతిలో ఉన్న సొమ్మంతా ఒకే ప్రీమియంగా కట్టి పాలసీ తీసుకున్నవాడికీ, పెళ్లయిన కొత్తలో పాలసీ తీసుకొని ఏటా తన ఆదాయానికి తగినంత కడుతూ వచ్చినవాడికీ కోర్టులో ఒకే తీరు ఉండదు. ఇవ్వాల్సిన బాకీ ఇవ్వనక్కర్లేదని నేను వాదించడం లేదు. చనిపోయిన వ్యక్తి ఇల్లు, స్థలం, దుకాణంలోని సరుకు, రావాల్సిన బాకీలు అతని ఆస్తి. వాటి మీద దావా వేసుకునే హక్కు అప్పులవాళ్లకు ఉంది. భర్త అప్పుకు భార్య బాధ్యత ఆ ఆస్తి తన చేతికి వచ్చిన మేరకే.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది పంచాయితీల్లో భర్త పోయిన స్త్రీ చేత కొత్త ప్రాంసరీ నోటు రాయించుకోవడం. ఆ సంతకం పడిందంటే అది భర్త బాకీ కాదు, ఆమె సొంత బాకీ. ట్రస్టు కింద వచ్చిన సొమ్ము ఆమె బ్యాంకు ఖాతాలో పడ్డాక దాన్ని సైతం రాబట్టుకునే దారి అప్పులవాళ్లకు దొరుకుతుంది. మీ వార్తలోని పెద్దమనుషులు ఆ భార్య చేత ఏ కాగితం మీద సంతకం పెట్టించారో విలేకరి కనుక్కోలేదు. అసలు అడగాల్సిన ప్రశ్న అదే.

మండల న్యాయ సేవా కమిటీలు ఊళ్లలో న్యాయ విజ్ఞాన సదస్సులు పెడతాయి. వేదిక మీద దండలు, శాలువాలు అయ్యేసరికే సగం పూట గడిచిపోతుంది. ప్రాంసరీ నోటు గురించి గానీ, పాలసీ ట్రస్టు గురించి గానీ మాట్లాడిన అధికారిని నేను చూడలేదు. బీమా శాఖల్లోనూ ప్రతిపాదన పత్రంలో ఎండబ్ల్యూపీ గడిని ఖాళీగా వదిలేసిన దరఖాస్తులను అలాగే తీసుకుంటున్నారు. పెళ్లయిన ప్రతి దరఖాస్తుదారును ఆ గడి గురించి ఒక్క మాట అడగడం ఏజెంటుకు గానీ, శాఖ సిబ్బందికి గానీ కష్టమేమీ కాదు.

ఆ దేవరకొండ కుటుంబం దగ్గరికి మీ విలేకరిని మళ్లీ పంపండి. పాలసీ బాండు మొదటి పేజీ చూడమనండి. దాని మీద భార్యాపిల్లల కోసమని రాసి ఉంటే, రాజీ ఎలా జరిగిందో, ఆమె సంతకం దేని మీద తీసుకున్నారో అదే జిల్లా పేజీలో, అదే సైజు శీర్షికతో అచ్చు వేయండి. ఆమె న్యాయ సహాయం కోరితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా దొరుకుతుంది, ఆ మాట కూడా ఆమెకు చేరవేయండి.

– ఒక న్యాయవాది, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా