ముక్కల సంచిలో మార్పు, దానితో తయారయ్యే ఒక చేతిపుస్తకం

“మీ దగ్గర ముక్కల సంచి తీసుకున్నాము. పదేళ్ల మా పాప తన స్నేహితురాలి పుట్టినరోజుకు దీనితో ఏమైనా చేయగలదా? అన్నీ చిన్న ముక్కలే ఉన్నాయండి.”

చేయగలదు. బట్ట అట్టతో ఒక చిన్న చేతిపుస్తకం తయారుచేయించండి. ఇంతవరకు తిరుపతిలోని మా కొట్టులో రవికలు కత్తిరించగా మిగిలిన పట్టు, జార్జెట్, నూలు ముక్కలన్నీ ఒకే సంచిలో కలిపి అమ్ముతున్నాము. వచ్చే నెల నుండి అందులో నూలు ముక్కలే ఉంటాయి. ధర మారదు గాని, బరువు కొంత తగ్గుతుంది; ఏరడానికి పట్టే కూలి అందుకు కారణం. జార్జెట్ గుండా జిగురు పైకి ఊరి, ఎండిన తరువాత మెరిసే మరకగా నిలిచిపోతుంది. పట్టు అంచు కత్తిరించిన వెంటనే పోగులు పోతుంది. గంజి ఉన్న నూలు బట్టలో ఈ రెండు ఇబ్బందులూ తక్కువ. పాత మెత్తని నూలు గుడ్డయితే పలుచని గంజి పెట్టి, పెద్దవారు ఇస్త్రీ చేసి ఇస్తే అదీ పనికి వస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ ముక్క దొరికితే ముందుగా తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూడండి. రంగు అంటితే దానిని పక్కన పెట్టండి.

పుటలకు నాలుగు ఎ4 కాగితాలు చాలు. ఒక్కొక్కదానిని అడ్డంగా సగానికి కత్తిరిస్తే ఎనిమిది కాగితాలు వస్తాయి. వాటిని మళ్లీ సగానికి మడిచి ఒకదానిలో ఒకటి దూర్చితే 32 పుటలు అవుతాయి. ఈ కొలతకు ఒక కారణం ఉంది. సాధారణంగా ఎ4 కాగితం నార పొడవు వైపు నడుస్తుంది కనుక, ఈ పద్ధతిలో మడత నార వెంటే పడి పుస్తకం మెత్తగా తెరుచుకుంటుంది.

అట్టకు పాత శుభలేఖ మంచిది. 21.5 సెంటీమీటర్ల పొడవు, 15.5 సెంటీమీటర్ల వెడల్పు కత్తిరించాలి. అయితే కత్తిరించక ముందే దానిని రెండు వైపులా కొద్దిగా వంచి చూడాలి. సులభంగా వంగిన వైపే మడత రావాలి, లేకపోతే మడత దగ్గర అట్ట పగులుతుంది. బట్టను ఒకే ముక్కగా వెదకనక్కరలేదు. మధ్యలో వెన్నుకు 6.5 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ, రెండు పక్కలకు 9.5 సెంటీమీటర్ల వెడల్పు ముక్కలు రెండు తీసుకోవాలి. మూడింటి పొడవూ 18.5 సెంటీమీటర్లు. ముందు పట్టీని అంటించి, పక్క ముక్కల అంచు దాని మీదకు అర సెంటీమీటరు ఎక్కేలా పెడితే చుట్టూ లోపలికి మడవడానికి ఒకటిన్నర సెంటీమీటరు మిగులుతుంది. మూలల్లో బట్టను ఏటవాలుగా కత్తిరించేటప్పుడు అట్ట కొనను ఆనించి కాక రెండు మిల్లీమీటర్లు వదిలి కత్తిరించాలి. లేకపోతే మూలలో అట్ట బయటపడుతుంది.

జిగురుకు ఒక చెంచా మైదాను ఆరు చెంచాల నీటిలో ఉండలు లేకుండా కలిపి, సన్నని మంట మీద పెద్దవారే చిక్కబరచాలి. పూర్వం బైండింగు చేసేవారు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం కనుక పిల్లల పనిలో వద్దే వద్దు, రెండు రోజులకు సరిపడా మాత్రమే ఉడికించుకోండి. చల్లారిన జిగురును బట్టకు కాక అట్టకే పలుచగా పూసి, బట్టను పరిచి, మధ్య నుండి అంచులకు రుద్దాలి. తడి బట్ట ఎండుతూ అట్టను తనవైపు లాగుతుంది. అందువల్ల లోపలి వైపు కూడా ఒక కాగితం అంటించి, రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచాలి. ఉదయానికి అట్ట వంగి ఉందంటే లోపలి కాగితం సరిగా అంటలేదని గుర్తు.

కుట్టుకు మిషన్ దారం పనికిరాదు, అది కాగితాన్ని కోస్తుంది. పూలు కట్టే నూలు దారం 45 సెంటీమీటర్లు తీసుకుని కొవ్వొత్తి మైనం పట్టించండి. అట్టను సగానికి మడిచి, పుటలను అందులో పెట్టి, రెండూ కలిపి మడత మీద మధ్యలో ఒకటి, పైనా కిందా అంచుకు 2.5 సెంటీమీటర్ల లోపల ఒక్కొక్కటి, మొత్తం మూడు రంధ్రాలు, పాత రబ్బరు చెప్పు మీద పెట్టి కంపాసు మొనతో పొడవాలి. సూదిని లోపలి నుండి మధ్య రంధ్రం గుండా బయటకు తీసి, పై రంధ్రం గుండా లోపలికి తెచ్చి, మధ్య రంధ్రాన్ని దాటవేసి కింది రంధ్రం గుండా బయటకు పంపి, మళ్లీ మధ్య రంధ్రం గుండా లోపలికి తేవాలి. రెండు కొసలూ ఆ పొడవాటి దారానికి చెరో పక్కన ఉండేలా చూసి, దాని మీదుగా ముడి వేయాలి. దారాన్ని మడత వెంబడే లాగాలి. పైకి లాగితే రంధ్రం చిరుగుతుంది, పదేళ్ల పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

రవికల సైజు వల్ల మిగిలే నూలు ముక్కలు ఎక్కువగా పొడవాటి పట్టీలే కనుక, కొత్త సంచిలో ఇలాంటి మూడు ముక్కలకు తక్కువ కాకుండా వేస్తాము. మీ వీధి దర్జీ అవే ముక్కలు ఉచితంగా ఇస్తే మా దగ్గర కొననక్కరలేదు. పట్టు ముక్కలు కావాలనే వారు కొట్టులో అడిగితే విడిగా ఇస్తాము.