డాలర్ దిగే దాకా ఆగాలా?

ఒరేయ్ రాఘవా,

పాప ఫీజు డాలర్లు ఇప్పుడే కొనాలా, టీవీలో ఎవరో రెండు నెలల్లో రూపాయి బలపడుతుందన్నారు కాబట్టి ఆగాలా అని అడిగావు కదా. ఆ మాట నమ్మి మాత్రం ఆగకు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

రిచర్డ్ మీస్, కెన్నెత్ రోగాఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1983లో ఒక పరిశోధన ప్రచురించారు. వడ్డీ రేట్లు, ద్రవ్య సరఫరా, ధరల పెరుగుదల, వాణిజ్య లోటు వంటివాటితో మారకపు రేటును లెక్కగట్టే సూత్రాలు అప్పటికే పేరుమోసి ఉన్నాయి. డాలర్‌కు జర్మనీ మార్కు, యెన్, పౌండ్‌లతో ఉన్న రేట్ల మీద వాటిని పరీక్షించారు. పోటీకి పెట్టింది ఏమిటో తెలుసా? 'రేపటి రేటు ఈ రోజు రేటే' అనే ఒక్క మాట. దీన్నే రాండమ్ వాక్ అంటారు. ఏడాది లోపు అంచనాల్లో ఆ సూత్రాలేవీ దీన్ని నిలకడగా ఓడించలేకపోయాయి. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది ఇంకొకటి: తర్వాతి నెలల్లో వడ్డీ రేట్లు, ధరలు నిజంగా ఎంత ఉన్నాయో ఆ అంకెలనే సూత్రాలకు అందించారు. అంటే భవిష్యత్తు సగం ముందే చెప్పేశారన్నమాట. అయినా గెలవలేదు!

కారణం ఇదని నా నమ్మకం. రిజర్వ్ బ్యాంక్ వడ్డీ పెంచుతుందని అందరూ అనుకుంటే, ఆ ప్రకటన వచ్చే దాకా ఎవరూ ఆగరు, ఈ రోజే రూపాయలు కొనేస్తారు. తెలిసిన సంగతంతా ఈ రోజు రేటులోనే కలిసిపోతుంది. రేటును ఇక కదిపేది ఎవరూ ఊహించని వార్త మాత్రమే. దాన్ని నిపుణుడైనా ముందే ఎలా చెప్తాడు?

2013 గుర్తుందా? మే మొదట్లో డాలర్ 54 రూపాయల దగ్గర ఉంది. ఆ నెల 22న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్‌కు అప్పటి అధిపతి బెర్నాంకీ బాండ్ల కొనుగోళ్లు తగ్గించవచ్చని అన్నాడు. ఆగస్టు 28కి డాలర్ 68 దాటింది. 70 ఖాయమని అప్పుడు గట్టిగానే వినిపించింది. సెప్టెంబరులో ఫెడ్ ఆ తగ్గింపు వాయిదా వేసింది, ఇక్కడ అప్పటి రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ రాజన్ ఎన్నారై డిపాజిట్లు రప్పించే పథకం పెట్టాడు. అక్టోబరుకల్లా డాలర్ 62 దగ్గరికి దిగింది. 70 తాకింది 2018లో.

అలాగని అన్ని కాలాలకూ ఇదే వర్తించదు. మన ధరలు అమెరికా కంటే వేగంగా పెరుగుతుంటే పదేళ్లలో రూపాయి తగ్గుతుందనే అంచనాకు బలముంది. రెండు నెలలకు అది పనికిరాదు.

నీ లెక్క చూద్దాం. రేటు రోజుకు 0.3 శాతం అటూ ఇటూ కదులుతుందనుకో. రాండమ్ వాక్‌లో కదలిక రోజుల సంఖ్యకు వర్గమూలం లెక్కన పెరుగుతుంది. రెండు నెలలంటే సుమారు 42 పనిదినాలు, వర్గమూలం ఆరున్నర, అంటే దాదాపు 2 శాతం. ఇరవై లక్షల ఫీజుకు నలభై వేలు ఎటైనా పోవచ్చు, అంతకు మించీ పోవచ్చు. ఆ నలభై వేలు భరించగలిగితే సగం ఇప్పుడు, సగం గడువుకు ముందు కొను. భరించలేకపోతే మొత్తం ఇప్పుడే కొనేయ్. బ్యాంకు వాడు ఎంత మార్జిన్ వేస్తున్నాడో మాత్రం రెండు మూడు చోట్ల అడుగు, అది ముందే తెలిసే ఖర్చు.

పాపకు వీసా వచ్చాక ఫోన్ చెయ్యరా.

నీ
శీను