పన్ను కట్టిన లాభానికి మళ్లీ పన్నా?

సంపాదకులకు నమస్కారం.

మీ వ్యాపార పేజీలో భాగస్వామ్య సంస్థల గురించి వచ్చిన కథనం మీద ఈ ఉత్తరం. వారం పైనే అయింది కాబట్టి మీకది పాత సంగతి కావచ్చు. ఏడాది లెక్కలు తేల్చే హడావిడిలో ఉన్న మాలాంటి వారికి పత్రిక వచ్చిన రోజే కోపం తెచ్చుకునే తీరిక ఉండదు. "భాగస్వాముల జేబులోకి లక్షలు, పన్ను మాత్రం సున్నా" అని అంత లావు అక్షరాలతో శీర్షిక పెట్టారు. కింద ఉన్నదల్లా ఒకే ఒక్క వాక్యం సారాంశం: సంస్థ నుంచి వచ్చే లాభం వాటాకు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 10(2ఏ) సెక్షన్ మినహాయింపు ఇస్తోంది. నిజమే, ఇస్తోంది. ఎందుకు ఇస్తోందో రాయడానికి మాత్రం మీకు చోటు చాలలేదు. పక్కనే సగం పేజీ ప్లాట్ల ప్రకటనకు చాలింది.

మా ఊళ్లో బట్టల టోకు వ్యాపారంలో నేనూ ఒక భాగస్వామిని. మీ కథనం వచ్చిన మర్నాడు దుకాణానికి వచ్చిన ప్రతివాడూ "మీకేమండీ, పన్నే లేదట కదా" అనడమే. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

మొదటి సంగతి, ఆ లాభానికి పన్ను పడిన తరువాతే అది మా చేతికి వస్తుంది. భాగస్వామ్య సంస్థ తన పేరుతో, తన పాన్ నంబరుతో సొంతంగా రిటర్ను వేస్తుంది. మీలాంటి నాలాంటి వ్యక్తులకు ఉన్నట్టు దానికి ఇంత ఆదాయం దాకా పన్ను లేదు, అక్కడి నుంచి ఐదు శాతం అనే మెట్లు లేవు. మొదటి రూపాయి నుంచే 30 శాతం. మీద నాలుగు శాతం సెస్సు కలిపితే 31.2. ఆదాయం కోటి దాటితే సర్‌చార్జీ అదనం. అంటే వంద రూపాయల లాభంలో 31 రూపాయల 20 పైసలు ముందే ఖజానాకు వెళ్లిపోయి, మిగిలిన 68.80 మాత్రమే భాగస్వాములు పంచుకుంటారు. దాన్ని మళ్లీ భాగస్వామి ఆదాయంలో కలిపి, అతడు 30 శాతం శ్లాబులో ఉన్నాడని ఇంకో 31.2 శాతం కోస్తే చివరికి చేతిలో మిగిలేది 47 రూపాయల చిల్లర. మీ విలేకరి కోరుకునేది ఇదేనా?

నిజానికి పాత రోజుల్లో ఇంచుమించు అలాగే ఉండేది. రిజిస్టరు చేసుకున్న సంస్థ తక్కువ రేటుతో కొంత కట్టేది, మిగిలినదాన్ని భాగస్వాముల ఆదాయంలో కలిపి మళ్లీ పన్ను వేసేవారు. 1992 నాటి ఆర్థిక చట్టంతో అది పోయింది. 1993 ఏప్రిల్ నుంచి సంస్థే పూర్తి రేటుతో కట్టాలి, భాగస్వామిని వాటా మీద మళ్లీ అడగకూడదు అని తేల్చారు. అంటే ఇది ఎవరో నిన్న గాక మొన్న తవ్వుకున్న దొడ్డిదారి కాదు, ముప్పై ఏళ్లు దాటిన రాజమార్గం. పరిమిత బాధ్యత భాగస్వామ్యాలకు, అంటే ఎల్ఎల్‌పీలకు కూడా ఇదే వర్తిస్తుంది.

కంపెనీ లాభం పంచితే వాటాదారు డివిడెండు మీద మళ్లీ పన్ను కడుతున్నాడు కదా అని కొందరు అడుగుతారు. 2020 ఏప్రిల్ నుంచి అంతే. కానీ దేశీయ కంపెనీకి కొన్ని రాయితీలు వదులుకుంటే 22 శాతం రేటు ఎంచుకునే వీలుంది, భాగస్వామ్య సంస్థకు లేదు. పైగా కంపెనీ మునిగితే వాటాదారు పెట్టుబడి పోతుందంతే. మామూలు భాగస్వామ్య సంస్థ మునిగితే, 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం భాగస్వామి సొంత ఇల్లు కూడా అప్పులవాళ్లకు జవాబు చెప్పాలి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేవారు కాస్త ఆగి ఆలోచించాలి.

ఇక మీ కథనం దాచిన అసలు సంగతి. భాగస్వామికి సంస్థ నుంచి వచ్చేది లాభం వాటా ఒక్కటే కాదు. పెట్టిన పెట్టుబడి మీద వడ్డీ వస్తుంది. దుకాణంలో కూర్చుని పని చేస్తే పారితోషికం వస్తుంది. ఈ రెండింటినీ సంస్థ తన ఖర్చుగా చూపి లాభంలోంచి తీసేస్తుంది కనుక వాటికి సంస్థ దగ్గర పన్ను పడదు. అందుకే భాగస్వామి వాటిని తన వ్యాపార ఆదాయంగా చూపించి తన శ్లాబు ప్రకారం కట్టాలి. ఏ రూపాయి అయినా ఒకచోట పన్నుకు దొరుకుతుంది, రెండుచోట్ల కాదు. ఈ చట్టంలో తర్కం ఉన్న కొద్ది చోట్లలో ఇదొకటి.

ఒక లెక్క చెబుతాను, 2025-26 సంవత్సరానిది. ఇద్దరు భాగస్వాములున్న దుకాణం అనుకోండి, ఇద్దరూ పని చేసేవారే, లాభం చెరి సగం. పెద్దాయన పెట్టుబడి 15 లక్షలు, చిన్నాయనది 5 లక్షలు. వడ్డీ, పారితోషికం తీయకముందు లాభం 20 లక్షలు. వడ్డీకి చట్టం ఒప్పుకునే గరిష్ఠం ఏడాదికి 12 శాతం బారువడ్డీ. ఆ లెక్కన పెద్దాయనకు లక్షా 80 వేలు, చిన్నాయనకు 60 వేలు. అవి పోగా మిగిలింది 17 లక్షల 60 వేలు. పారితోషికం హద్దును దీని మీద కడతారు: మొదటి 6 లక్షల మీద 90 శాతం, ఆపైన ఉన్నదాని మీద 60 శాతం. (లాభం తక్కువైనా, నష్టమే వచ్చినా 3 లక్షల దాకా ఒప్పుకుంటారు.) ఇక్కడ 5 లక్షల 40 వేలూ, 6 లక్షల 96 వేలూ కలిపి 12 లక్షల 36 వేలు, అంటే మనిషికి 6 లక్షల 18 వేలు. సంస్థ చేతిలో మిగిలిన 5 లక్షల 24 వేల మీద సంస్థ కట్టే పన్ను, సెస్సుతో కలిపి, 1,63,488 రూపాయలు. అది కట్టాక మిగిలిన 3 లక్షల 60 వేల చిల్లరను చెరి సగం పంచుకుంటారు. మీ శీర్షికలోని "సున్నా పన్ను" ఈ చివరి ముక్కకే.

మీ విలేకరికి నిజంగా ఏదైనా పట్టుకోవాలనుంటే పట్టుకోవడానికి ఒకటుంది. ఏటా కోట్లలో సంపాదించే భాగస్వామి సొంత ఆదాయం మీద కొత్త పన్ను విధానంలో సర్‌చార్జీలతో 39 శాతం దాకా కట్టాల్సి వస్తుంది. అదే సొమ్ము సంస్థ లాభంగా ఉంటే 35 శాతం లోపే. ఆ తేడా గురించి రాస్తే నేనే చదివి మెచ్చుకునేవాణ్ని. రాయలేదు. దానికి కాలిక్యులేటర్ పట్టుకోవాలి మరి.

ఇంతకన్నా పాఠకులకు పనికొచ్చే విషయం ఒప్పంద పత్రం సంగతి. వడ్డీ, పారితోషికం రెండూ ఆ పత్రంలో రాసి ఉంటేనే సంస్థకు ఖర్చుగా చెల్లుతాయి. పారితోషికం ఎంతో, లేదా ఎలా లెక్కకట్టాలో పత్రంలోనే ఉండాలని ప్రత్యక్ష పన్నుల కేంద్ర మండలి 1996లోనే 739వ సర్క్యులర్‌లో చెప్పింది. అయినా "భాగస్వాములు ఎప్పటికప్పుడు పరస్పరం అనుకున్న మేరకు" అనే పాత వాక్యాన్ని ఇప్పటికీ స్టాంపు కాగితాల మీద దింపుతూనే ఉన్నారు. అలాంటి పత్రంతో పై దుకాణానికి 12 లక్షల 36 వేల పారితోషికమూ తోసేస్తే సంస్థ పన్ను 1,63,488 నుంచి 5,49,120కి ఎగబాకుతుంది. పని చేయకుండా పెట్టుబడి మాత్రమే పెట్టిన భాగస్వామికి పారితోషికం రాసుకున్నా అదే గతి. ఒప్పందంలో వడ్డీ 18 శాతమని రాసుకుంటే పన్నెండుకు పైనున్న ఆరు శాతం కూడా అంతే.

అలా సంస్థ దగ్గర తోసేసిన మొత్తాన్ని భాగస్వామి దగ్గర పన్నుకు లెక్కించకూడదు. చట్టం ఆ మాట స్పష్టంగానే చెబుతోంది, భాగస్వామి అసెస్‌మెంటును ఆ మేరకు సవరించడానికి 155వ సెక్షన్‌లో దారీ చూపించింది. కానీ సంస్థ పన్ను పెంచే చురుకుదనం భాగస్వామిది తగ్గించేటప్పుడు అధికారుల్లో కనబడదు. మొదటిది నోటీసుగా దానంతట అదే వస్తుంది. రెండోదాని కోసం మనమే అర్జీలు పెట్టుకుంటూ కూర్చోవాలి.

చురుకుదనం అంటే గుర్తొచ్చింది. 2025 ఏప్రిల్ 1 నుంచి 194టి సెక్షన్ వచ్చింది. భాగస్వామికి వడ్డీ, పారితోషికం, బోనస్, కమిషన్ అన్నీ కలిపి ఏడాదికి 20 వేలు దాటితే సంస్థ ఇచ్చేటప్పుడే పది శాతం పన్ను, అంటే టీడీఎస్, కోయాలి. చేతికి ఇవ్వకపోయినా, పెట్టుబడి ఖాతాలో జమ రాసినా కోయాల్సిందే. లాభం వాటాకు మాత్రం ఇది లేదు. పై లెక్కలోని పెద్దాయన పన్ను ఆదాయం 7 లక్షల 98 వేలు. వేరే రాబడి లేకపోతే, కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కనుక ఆయన కట్టాల్సింది ఏమీ లేదు. అయినా సంస్థ ఆయన పేరున 79,800 రూపాయలు కోసి ప్రభుత్వానికి కట్టాలి, ఆయన రిటర్ను వేసి వాపసు కోసం ఎదురుచూడాలి. బ్యాంకు డిపాజిట్ల వడ్డీ మీద టీడీఎస్ కోయవద్దని ఇచ్చే 15జి, 15హెచ్ లాంటి ఫారాలు ఇక్కడ చెల్లవు.

ఇంకా విచిత్రం వినండి. మార్చి 31న జమ రాసిన మొత్తం మీద టీడీఎస్‌ను ఏప్రిల్ 30లోగా కట్టాలి, ఆలస్యమైతే నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ. పారితోషికం ఎంతో తేలాలంటే లాభం తేలాలి. లాభం తేలాలంటే సరుకు నిల్వ లెక్క పూర్తవ్వాలి. ఏ బట్టల దుకాణంలో ఏప్రిల్ నెలాఖరుకు నిల్వ లెక్క తేలుతుందో ఈ నిబంధన రాసిన మహానుభావుడు ఒక్కసారి బీరువాల మధ్యకు వచ్చి చూపిస్తే బాగుండును. దీని కోసమే టాన్ నంబరు తీసుకుని, మూడు నెలలకోసారి ఇంకో రిటర్ను వేస్తున్న చిన్న సంస్థలు ఉన్నాయి. ఈ ఖర్చూ, ఈ తలనొప్పీ మీ కథనంలో ఎక్కడా లేవు.

బ్యాంకుల సంగతి మరీ ముచ్చట. అప్పు కోసం వెళితే ఒక మేనేజరు గారు మా రిటర్నులో మినహాయింపు ఆదాయం అని ఉన్న లాభం వాటాను చూసి, "ఇది పన్ను కట్టని ఆదాయం, లెక్కలోకి తీసుకోలేం" అన్నారు. దాని మీద సంస్థ పన్ను కట్టిన చలానా బల్ల మీద పెట్టినా నమ్మలేదు. ఇప్పుడు మీరు కూడా ఆయన వైపే నిలిచారు, సంతోషం. ఒకప్పుడు ఇలాంటి కథనం వేసేముందు పత్రికలవారు ఊళ్లో ఆడిటరు ఎవరికైనా ఒకసారి చూపించేవారు. ఇప్పుడు ఆ అలవాటు పోయినట్టుంది.

సవరణ వేస్తారన్న ఆశ నాకు పెద్దగా లేదు. వేస్తే మాత్రం సంతాప ప్రకటనల కింద చిన్న అక్షరాలతో కాకుండా అదే వ్యాపార పేజీలో, అదే సైజు శీర్షికతో వేయండి. ఎలాగూ విలేకరిని పంపుతారు కనుక, పన్నే లేని భాగస్వామి నుంచి పది శాతం ముందే ఎందుకు కోస్తున్నారో, ఏప్రిల్ 30 గడువును ఎందుకు జరపరో ఆదాయపు పన్ను అధికారులను అడిగి ఆ జవాబు కూడా అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక భాగస్వామి, రాజమహేంద్రవరం