మ్యాగజైన్ పేజీలు చేస్తున్నవాళ్లు ఒకసారి చూడండి

నిన్న వచ్చిన పేజీల్లో పక్కపక్క కాలమ్‌ల లైన్లు ఒకదానికొకటి కలవడం లేదు. ఎవరో ఉపశీర్షిక కింద 5 పాయింట్ల ఖాళీ వదిలారు, అక్కడినుంచి పేజీ చివరిదాకా అంతా కిందికి జారింది.

ఎ4 పేజీకి అటూ ఇటూ 15 మి.మీ. మార్జిన్ పోతే 180 మిగులుతుంది. మూడు కాలమ్‌లు, మధ్యలో 6 మి.మీ. చొప్పున రెండు ఖాళీలు, అంటే కాలమ్ 56 మి.మీ. ఫోటో ఒక కాలమ్ వెడల్పైనా, రెండైనా (118) ఉండాలి, మధ్యలో ఆపొద్దు.

అక్షరం 12 పాయింట్లు, బేస్‌లైన్ గ్రిడ్ 18. ఇంగ్లీషుకి 14.4 సరిపోతుందేమో గానీ, మనకు పై లైను ఒత్తులు కింది లైను గుడుల్ని గుద్దేస్తాయి. ఉపశీర్షిక పైన ఒక పూర్తి లైను, అంటే 18 వదలండి, కింద ఏమీ వద్దు. పెద్ద శీర్షికకు లైన్ల దూరం 36.

ఇన్‌డిజైన్‌లో Align to Baseline Grid నొక్కగానే లైన్ల మధ్య దూరం రెట్టింపైతే కంగారుపడకండి, ఎక్కడో లీడింగ్ 18 దాటి ఉంటుంది, అది తగ్గించండి. కవితల పేజీని మాత్రం రెండు కాలమ్‌లు కలిపి వేద్దాం, 56లో పాదాలు విరిగిపోతున్నాయి.