ఫొటో కింద సంవత్సరం వేయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న వాయుగుండం పడినప్పుడు మీ వెబ్‌సైట్‌లో ‘నెల్లూరులో వరద ఉధృతి’ అని ఒక ఫొటో వేశారు. జాతీయ రహదారి కోసుకుపోయి, అవతల లారీలు బారులు తీరిన ఫొటో. అది 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర కోతపడిన రోడ్డు. కోవూరులో ఎవరికి చూపించినా ఇట్టే చెబుతారు. మీరు ఫొటో వేసిన రోజు ఆ రోడ్డు మీద బస్సులు మామూలుగానే తిరుగుతున్నాయి. బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్న మావాళ్లు మాత్రం టెన్షన్‌తో ఫోన్ల మీద ఫోన్లు చేశారు. కొందరు ప్రయాణాలే మానుకున్నారు.

నేను కొంతకాలం పత్రికలకు ఫొటోలు పంపిన కంట్రిబ్యూటర్‌ను. ఇలాంటివి ఎలా జరుగుతాయో తెలుసు కాబట్టే ఈ ఉత్తరం. డెస్క్‌లో కూర్చున్నవాళ్లు కావాలని పాత ఫొటో వేయరు. ఫొటోల లైబ్రరీలో వెతికితే కనబడే పేరే వాళ్లను తప్పుదారి పట్టిస్తుంది.

ఆ పడుగుపాడు ఫొటోనే తీసుకుందాం. నవంబరు 21 ఉదయం ఎవరో ఫోన్‌తో తీశారనుకోండి. రెండు రోజుల తర్వాత వాట్సాప్‌లో డెస్క్‌కు పంపితే, అందుకున్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో దాని పేరు `IMG-20211123-WA0017.jpg` అని పడుతుంది. ఆ తేదీ ఫొటో తీసిన రోజు కాదు, వాట్సాప్‌లో అందిన రోజు. అదే ఫొటోను 2024 అక్టోబరు వానల్లో ఇంకెవరో ఫార్వర్డ్ చేస్తే `IMG-20241016-WA0008.jpg` అని కొత్త పేరుతో దిగుతుంది. చూసినవాళ్లు ఇవాళ్టి ఫొటోనే అనుకోక ఏమనుకుంటారు? పైగా మామూలుగా ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి, కెమెరా లోపల రాసిన తేదీని కూడా తీసేస్తుంది. అంటే అసలు తేదీ పోయి, దాని స్థానంలో అబద్ధపు తేదీ ఒకటి వచ్చి కూర్చుంటుంది. అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు వస్తుంది, లోపలి తేదీ కూడా ఉంటుంది.

తర్వాత వెబ్ డెస్క్‌లో హడావుడిగా `nellore-rains.jpg` అని పేరు పెట్టి ఎక్కిస్తారు. ఆ పేరుతో ఇప్పటికే ఒకటి ఉంటే సాఫ్ట్‌వేరే చివర 1, 2 అని తగిలించుకుంటూ పోతుంది. మరో వాన కురిసినప్పుడు ‘నెల్లూరు రెయిన్స్’ అని వెతికితే అన్ని సంవత్సరాల వానలూ ఒకే వరుసలో వస్తాయి. వాటిలో ఏది బాగుంటే అది వేసేస్తారు. రోడ్డు కోసుకుపోయిన ఫొటో కంటే బాగా కనబడేది ఇంకేముంటుంది?

ఆ ఫొటో పేరు ఇలా ఉంటే చాలు:

```
2021-11-21-padugupadu-nh16-road-kotha-rk-01.jpg
```

ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. మనం మామూలుగా రాసే 21-11-2021 పద్ధతిలో పెడితే కంప్యూటర్ అన్ని నెలల 21వ తేదీలనూ ఒకచోట చేరుస్తుంది. సంవత్సరం ముందుంటే ఫొటోలు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. ఆ తర్వాత ఊరు, విషయం, ఫొటో తీసినవాళ్ల గుర్తుగా రెండక్షరాలు, వరుస సంఖ్య. అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, మధ్యలో ఖాళీలు లేకుండా అడ్డగీతలు. తెలుగులో ఎందుకు కాదని నాకూ మనసులో ఉంది. కానీ వెబ్ చిరునామాను కాపీ చేస్తే ‘నెల్లూరు’ అనే ఒక్క మాటే శాతం గుర్తులతో కలిపి 72 అక్షరాలుగా విచ్చుకుంటుంది. తెలుగు అంతా క్యాప్షన్‌లో రాసుకోవచ్చు.

ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు స్పెల్లింగ్‌తో ఇంకో తంటా ఉంది. ఒకరు penna అంటారు, ఒకరు pennar అంటారు. ఒకరు rottela, ఇంకొకరు rotela. వెతికేవాడికి సగం ఫొటోలు దొరకవు. జిల్లాలోని మండలాలు, పండుగలు, నదుల పేర్లకు ఒకే స్పెల్లింగ్ ఖాయం చేసి, ఆ పట్టికను డెస్క్ గోడకు అంటిస్తే సరిపోతుంది.

పేరులో జిల్లా వద్దంటాను. కందుకూరు 2022 ఏప్రిల్ దాకా ప్రకాశం జిల్లా, ఆ తర్వాత నెల్లూరులో కలిసింది. గూడూరు, సూళ్లూరుపేట అప్పుడే తిరుపతి జిల్లాకు వెళ్లాయి. ఊరు కదలదు, జిల్లా కదులుతుంది. జిల్లాను విడిగా ట్యాగ్‌గా ఇస్తే సరిహద్దు గీతలు మారినప్పుడు ట్యాగ్ ఒక్కటి మార్చుకోవచ్చు.

ఇక క్యాప్షన్ సంగతి. మన పత్రికల్లో ‘వినతిపత్రం అందజేస్తున్న దృశ్యం’ అని వేస్తారు. ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు, ఏ ఊళ్లో, దేని గురించి? మర్నాటి పేపరులో పక్కనే వార్త ఉంటుంది కాబట్టి చెల్లుతుంది. లైబ్రరీలో పక్కన వార్త ఉండదు. ‘నిన్న’, ‘మంగళవారం’ అనే మాటలూ అంతే, వారం తిరిగేసరికి వాటికి అర్థం ఉండదు. పడుగుపాడు ఫొటోకు ‘కోవూరు మండలం పడుగుపాడు దగ్గర పెన్నా వరదకు కోతకు గురైన 16వ నంబరు జాతీయ రహదారి. 2021 నవంబరు 21 ఉదయం తీసిన ఫొటో’ అని రెండు ముక్కలు చాలు. మళ్లీ ఎప్పుడు వాడినా ‘పాత ఫొటో’ అని ముందు చేరిస్తే ఎవరూ కంగారుపడరు.

సంవత్సరం మరీ అవసరమయ్యేది రొట్టెల పండుగకు. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ఏటా అదే జనం, అవే రొట్టెలు. ఫొటో చూసి ఏ యేడాదిదో చెప్పడం మావల్లే కాదు. మొహర్రం నెలను బట్టి వస్తుంది కాబట్టి ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2023లో జులై చివర్లో, 2024లో జులై మధ్యలో, 2025లో జులై మొదటి వారంలో వచ్చింది. ‘జులైలో రొట్టెల పండుగ’ అని రాస్తే మూడేళ్లకూ సరిపోతుంది.

క్యాప్షన్‌ను ఎక్కడ రాస్తున్నారన్నదీ చూసుకోవాలి. చాలాచోట్ల అది వార్తతో పాటే అతుక్కుని ఉంటుంది. అదే ఫొటోను ఇంకో వార్తకు తీసుకుంటే ఖాళీ పెట్టె వస్తుంది, అందులో డెస్క్‌వాళ్లు తోచింది రాస్తారు. ఫొటో ఫైలు లోపలే వివరణ, తేదీ, ఊరు, తీసినవారి పేరు రాసుకునే గడులు ఉంటాయి. వార్తా సంస్థల కోసమే ఏర్పడిన ఆ పద్ధతిని ఐపీటీసీ అంటారు. అక్కడ రాస్తే క్యాప్షన్ ఫైలుతో పాటు వెళుతుంది. అయితే పేజీ త్వరగా తెరుచుకోవడానికి సైట్లు ఫొటోను చిన్నది చేసేటప్పుడు ఆ గడులను తరచూ తుడిచేస్తాయి. కాబట్టి ఒరిజినల్‌ను విడిగా దాచి, ప్రతిసారీ దాన్నుంచే తీసుకోవాలి. సైట్‌లో ఉన్న చిన్న కాపీని దింపి మళ్లీ ఎక్కించకూడదు.

పాతవన్నీ పేర్లు మార్చమని అడగను. ఇప్పటికే ప్రచురించిన ఫైలు పేరు మారిస్తే పాత వార్తల్లో ఫొటోల చోట ఖాళీలు మిగులుతాయి. వాటికి క్యాప్షన్ సరిచేస్తే చాలు. ముందు వరద, తుపాను ఫొటోలు చూడండి, తిరిగి వాడేది అవే ఎక్కువ. రోజు తెలియకపోతే ఊహించి రాయకుండా ‘2021 నవంబరు, తేదీ తెలియదు’ అనే రాయించండి. కొత్త ఫొటోల విషయంలో, జిల్లా కంట్రిబ్యూటర్లందరికీ ఇకమీదట ఫొటోలు డాక్యుమెంట్‌గానే పంపమని, ఊరు, తేదీ, మనుషుల పేర్లు ఎడమ నుంచి వరుసగా కింద రాయమని ఒక్క మెసేజ్ పెట్టించండి. అవి లేకుండా వచ్చిన ఫొటోను లైబ్రరీలోకి ఎక్కించవద్దని డెస్క్‌కూ చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కోవూరు, నెల్లూరు జిల్లా