ఒకే పేరు, రెండు సీసాలు: కెమిస్ట్రీ ప్రాక్టికల్ ముందు మీకో మాట

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి పిండివంటల డబ్బాలు ఖాళీ అవుతుండగానే పన్నెండో తరగతి పిల్లలకు ప్రాక్టికల్స్ వచ్చేశాయి. తేదీలు, బ్యాచ్‌లు క్లాస్ టీచర్లు ఇప్పటికే డైరీలో రాయించారు కాబట్టి వాటిని మళ్లీ రాయను. ఈ నెల లేఖ మొత్తం కెమిస్ట్రీ ల్యాబ్ గురించే. అందులోనూ సల్ఫ్యూరిక్ యాసిడ్ గురించి ఎక్కువ రాస్తున్నాను. ఒకే పరీక్షలో పిల్లలు దాన్ని రెండు పనులకు వాడతారు. రెండు పనులకూ సీసాలు వేరు. సీసాల మీద పేరు మాత్రం దాదాపు ఒకటే.

మొదటిది టైట్రేషన్. మోర్ సాల్ట్ ద్రావణాన్ని పిపెట్‌తో కొలిచి కోనికల్ ఫ్లాస్కులో పోస్తారు. దానికి ఒక టెస్ట్ ట్యూబ్ నిండా డైల్యూట్ సల్ఫ్యూరిక్ యాసిడ్ కలుపుతారు. తర్వాత బ్యూరెట్ నుంచి పొటాషియం పర్మాంగనేట్‌ను చుక్కలు చుక్కలుగా వదులుతూ, లేత గులాబి రంగు వచ్చి పోకుండా నిలిచే దాకా చూస్తారు. రెండోది సాల్ట్ అనాలిసిస్, అంటే ఇచ్చిన లవణంలో ఏముందో కనిపెట్టడం. చిటికెడు సాల్ట్ మీద కాన్సెంట్రేటెడ్ సల్ఫ్యూరిక్ యాసిడ్ కొన్ని చుక్కలు వేసి, ఏ రంగు పొగ వస్తుందో చూస్తారు. నైట్రేట్ ఉందేమో తేల్చే బ్రౌన్ రింగ్ పరీక్షకూ ఈ సీసాయే.

డైల్యూట్ యాసిడ్‌లో ఎక్కువ భాగం నీళ్లే. కాన్సెంట్రేటెడ్‌లో నూటికి 98 పాళ్లు యాసిడ్. ఇది నీటిని తాకగానే విపరీతంగా వేడి పుడుతుంది. తొందరలో ఒక పిల్లవాడు టైట్రేషన్ ఫ్లాస్కులో డైల్యూట్‌కు బదులు టెస్ట్ ట్యూబ్ నిండా కాన్సెంట్రేటెడ్ ఒంపేశాడనుకోండి. ఫ్లాస్కు చేతితో పట్టుకోలేనంత వేడెక్కుతుంది, లోపలిది పైకి చిమ్ముతుంది. ఆ సమయంలో ముఖం ఫ్లాస్కు మీదకు వంగి ఉంటుంది, రంగు ఎప్పుడు మారుతుందా అని.

అందుకే ఈసారి కాన్సెంట్రేటెడ్ సీసా ఏ పిల్లవాడి బల్ల మీదా ఉండదు. ల్యాబ్ అసిస్టెంట్ దగ్గర ఎర్ర లేబుల్‌తో ఉంటుంది, కావలసిన చుక్కలు ఆయనే డ్రాపర్‌తో వేస్తారు. ఇంకో గుర్తు కూడా పిల్లలకు చెప్పాం. 100 మిల్లీలీటర్ల నీళ్లు 100 గ్రాములు తూగితే, అంతే కాన్సెంట్రేటెడ్ యాసిడ్ 184 గ్రాములు తూగుతుంది. సీసా ఎత్తగానే బరువు తెలుస్తుంది, వంచితే నూనెలా నిదానంగా జారుతుంది. కానీ ఈ గుర్తు అనుమానం రావడానికే గాని నిర్ధారించుకోవడానికి కాదు. నిర్ధారణకు లేబుల్ చదవాల్సిందే. వాసన చూసి, చేత్తో తాకి తెలుసుకోవడం అసలే వద్దు.

పరీక్ష పూర్తయిన టెస్ట్ ట్యూబ్ కడిగేటప్పుడు కూడా ఇదే ప్రమాదం ఉంది. సాల్ట్, కాన్సెంట్రేటెడ్ యాసిడ్ కలిపి వేడి చేసిన ట్యూబును అలాగే కుళాయి కింద పెడితే నీటి ధార నేరుగా వేడి యాసిడ్ మీద పడి చిమ్ముతుంది. ముందు స్టాండులో పెట్టి చల్లారనివ్వాలి. తర్వాత ట్యూబులో ఉన్నదాన్ని సింకులో పెట్టిన నీళ్ల బకెట్లోకి కొద్దికొద్దిగా వంచాలి. యాసిడ్‌ను నీటిలో పోయాలి, నీటిని యాసిడ్‌లో పోయకూడదు అని వైవాలో గడగడా చెప్పే పిల్లలు కూడా కడిగే దగ్గరకు వచ్చేసరికి మర్చిపోతారు. అప్పటికి వాళ్ల లెక్కలో ప్రయోగం అయిపోయింది కదా!

ఇక గాజు సామాను. ల్యాబ్‌లో చేతులు తెగేది ఎక్కువగా కింద పడి పగిలిన బీకర్లతో అని అనుకుంటాం. పిపెట్‌కు రబ్బరు బల్బు తొడిగేటప్పుడు తగిలే దెబ్బ అంతకన్నా లోతుగా ఉంటుంది. ఒక చేత్తో పిపెట్‌ను మధ్యలో పట్టుకొని, రెండో చేత్తో బల్బును బలంగా నొక్కితే, సన్నటి గాజు గొట్టం మధ్యలో విరిగి అరచేతిలో దిగుతుంది. బల్బు తొడిగే కొనకు రెండు మూడు అంగుళాల దూరంలోనే పట్టుకోవాలి, కొనను నీటితో తడపాలి, నెట్టకుండా మెల్లగా తిప్పుతూ ఎక్కించాలి. బల్బు గోల ఎందుకని నోటితో పీల్చే అలవాటు కొందరిలో ఇంకా ఉంది, అన్నయ్యలు అక్కయ్యలు నేర్పినదే. టైట్రేషన్‌లో మోర్ సాల్ట్‌కు బదులు ఇచ్చే ఆక్సాలిక్ యాసిడ్ విషపదార్థం. నోటితో పీల్చినట్టు కనిపిస్తే ఆ రోజు పిపెట్ చేతిలోంచి తీసేసుకుంటాం.

బ్యూరెట్ విషయంలో ఒక్కటే మాట. స్టాండుకు బిగించిన బ్యూరెట్ పై కొన పిల్లల తల ఎత్తుకు వస్తుంది. అలాగే ఉంచి, చేతులు పైకెత్తి గరాటులో పర్మాంగనేట్ పోస్తే, పొంగినది నేరుగా కళ్లలోకి వస్తుంది. స్టాండును కింద పెట్టి గానీ, బ్యూరెట్‌ను కిందికి దించి గానీ, గరాటు కళ్ల కన్నా కింద ఉండేలా చూసుకొని పోయాలి.

ఇంత చేసినా ఒలుకుతుంది. ఒలికాక ఏం చేయాలన్నది ఒక ఉదాహరణతో చెబుతాను.

బల్ల మీద 10 మిల్లీలీటర్ల కాన్సెంట్రేటెడ్ యాసిడ్ పడిందనుకుందాం. ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన నీళ్లు కొట్టడం, లేదా గుడ్డతో తుడవడం. రెండూ తప్పే. నీళ్లు కొడితే చిమ్ముతుంది, గుడ్డ అయితే మాడి చేతికి అంటుకుంటుంది. పిల్లలు చేయాల్సింది వెనక్కి జరిగి, గట్టిగా పిలవడం, అంతే. ల్యాబ్ అసిస్టెంట్ గ్లవ్స్, గాగుల్స్ వేసుకొని చుట్టూ పొడి ఇసుక కట్టలా పోస్తారు. ఆపైన వంట సోడాను అంచుల నుంచి లోపలికి నిదానంగా చల్లుతారు. బుసబుసా నురుగు వస్తుంది. 10 మిల్లీలీటర్ల యాసిడ్ విరగడానికి లెక్క ప్రకారం దాదాపు 31 గ్రాముల సోడా, అంటే ఆరేడు టీ చెంచాలు పడుతుంది. ఆ క్రమంలో సుమారు 9 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అందుకే గుప్పెడు ఒకేసారి వేస్తే నురుగుతో పాటు యాసిడ్ తుంపరలు ఎగురుతాయి. కిటికీలు తెరిచి ఉంచేది కూడా ఇందుకే. ఇంకొంచెం సోడా చల్లినా నురుగు రానప్పుడు యాసిడ్ విరిగినట్టు. అప్పుడు ఎత్తి, తడి గుడ్డతో తుడుస్తారు. అదే ఒక మోలార్ డైల్యూట్ యాసిడ్ 10 మిల్లీలీటర్లు ఒలికితే రెండు గ్రాముల లోపు సోడా చాలు. రెండు సీసాల మధ్య తేడా ఎంతో ఇక్కడ మీకే తెలుస్తుంది.

అలాగని డైల్యూట్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. సల్ఫ్యూరిక్ యాసిడ్ గాలిలోకి ఆవిరైపోదు, దానిలోని నీళ్లే ఆరిపోతాయి. చొక్కా మీద పడిన డైల్యూట్ చుక్క ఆరే కొద్దీ చిక్కబడుతుంది. ఆ రోజు ఏమీ కనిపించదు, ఉతికాక చిల్లు కనిపిస్తుంది. చర్మం మీద వదిలేసినా మంట అలాగే ఆలస్యంగా మొదలవుతుంది.

బల్లకు నీళ్లు వద్దన్నాను. ఒంటి మీద పడితే మాత్రం నీళ్లే మందు, అదీ వెంటనే, ధారగా, కనీసం 15 నుంచి 20 నిమిషాలు. బల్ల మీద మడుగుకు చెంబెడు నీళ్లు పోస్తే వేడి అక్కడే ఉండిపోతుంది. చేతి మీద ధారగా పోతున్న నీళ్లు యాసిడ్‌ను, వేడిని రెండింటినీ కొట్టుకుపోతాయి. చర్మం మీద సోడా చల్లకూడదు, విరిగేటప్పుడు పుట్టే వేడి కాలిన చోటనే పుడుతుంది. పాత ల్యాబ్ చార్టుల్లో పల్చటి సోడా ద్రావణంతో కడగమని ఉంటుంది. వాటిలోనూ ముందు నీళ్లే. టూత్‌పేస్ట్, పసుపు, వెన్న లాంటివి ఇంట్లో కూడా రాయకండి. కంట్లో పడితే రెప్పలు వేళ్లతో తెరిచి పట్టి, దెబ్బ తగిలిన కన్ను కింది వైపు ఉండేలా తల పక్కకు వంచి, అంతే సేపు కడిగి, తర్వాత ఆసుపత్రికి. కడగడం పూర్తి కాకుండా బండెక్కించకూడదు.

ఇరవై నిమిషాల నీళ్లంటే ఎంతో మేం కొలిచి చూశాం. మా ల్యాబ్ కుళాయి నిమిషానికి ఆరు లీటర్లు ఇస్తుంది, అంటే 120 లీటర్లు కావాలి. కరెంటు పోయి ట్యాంకు ఖాళీ అయితే కష్టం కాబట్టి 200 లీటర్ల డ్రమ్ము ఒకటి మంచినీళ్లతో నింపి తలుపు పక్కన పెడుతున్నాం.

బట్టల మీద ఎక్కువగా పడితే ఆ బట్టలు వెంటనే విప్పాలి. ఆడపిల్లలు ఇక్కడ సిగ్గుపడి ఆగిపోతారని మా లేడీ టీచర్లు అన్నారు, నిజమే. పక్క గది ఖాళీ చేయించి, వదులు బట్టలు ఉంచి, ఒక టీచరమ్మను అక్కడే కూర్చోబెడుతున్నాం. ఈ సంగతి మీ అమ్మాయితో అమ్మగారే ఒకసారి చెబితే మంచిది.

పిల్లలు చెప్పకుండా దాచడానికి ఇంకో కారణం మార్కులు. 30 మార్కుల్లో టైట్రేషన్‌కు 8, సాల్ట్ అనాలిసిస్‌కు 8, మరో ప్రయోగానికి 6, ప్రాజెక్టుకు 4, రికార్డు, వైవాలకు కలిపి 4. గాజు పగిలినందుకు, యాసిడ్ ఒలికినందుకు కోసే పద్దు ఇందులో ఎక్కడా లేదు. పగిలితే వేరేది ఇస్తాం, డబ్బులు అడగం. పగిలిన ముక్కలు చేత్తో ఏరకూడదు. చీపురు, చేట, విడిగా అట్టపెట్టె ఉన్నాయి. జారుతున్న ఫ్లాస్కును పట్టుకోవడానికి చేయి చాచకుండా వదిలేయమనే చెప్పాం.

మీ వైపు నుంచి కావలసినవి కొన్నే. చెప్పులు కాకుండా పాదం పూర్తిగా మూసే బూట్లు, నిండు చేతుల కాటన్ కోటు. పొద్దున్న మంచు ఉంటుంది కాబట్టి స్వెటర్ వేసి పంపండి, ల్యాబ్ బయట విప్పిస్తాం. ఊలులాంటి సింథటిక్ దారం మంటకు కరిగి ఒంటికి అంటుకుంటుంది. చున్నీ వద్దు, జడ ముడి వేయండి. కాంటాక్ట్ లెన్సులు వాడే పిల్లలు ఆ రోజు కళ్లజోడు పెట్టుకోవాలి, గాగుల్స్ దాని మీద మేమిస్తాం. రథసప్తమికి అరసవల్లి క్యూలో రాత్రంతా నిలబడే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. మర్నాడు ప్రాక్టికల్ ఉంటే ఆ పిల్లను మాత్రం ఇంట్లో పడుకోనివ్వండి, స్వామి ఏమీ అనుకోడు. ఆస్తమా ఉన్నవాళ్ల పేర్లు క్లాస్ టీచర్‌కు ముందే రాసి ఇస్తే, పొగలొచ్చే సాల్ట్ పరీక్షలో కిటికీ పక్క బల్ల ఇస్తాం.

ఇంటికొచ్చాక చేయి మండుతోందన్నా, కన్ను ఎర్రబడినా మళ్లీ నీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లండి, అవసరమైతే 108కి ఫోన్ చేయండి. ఏ రసాయనమో, డైల్యూటో కాన్సెంట్రేటెడో డాక్టర్ అడుగుతారు. ఆ రోజు ఏ బల్ల మీద ఏమేం ఇచ్చామో రాసిన కాగితం ఒకటి పరీక్ష అయ్యాక ప్రతి పిల్లవాడి రికార్డులో పెట్టి పంపుతాం.

ఇట్లు,
ప్రిన్సిపాల్
శ్రీకాకుళం